పిల్లల అన్నం డబ్బా గురించి తల్లిదండ్రులకు ఉత్తరం

హనుమకొండ,
14 జూలై 2025

మన బడిలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు, తల్లిదండ్రుల స్థానంలో ఉండి బిడ్డను చూసుకుంటున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

గత సంవత్సరం జూన్‌లో బడి తరఫున మేము మీకు ఒక పట్టిక పంపాము. సోమవారం చపాతీ, మంగళవారం ఇడ్లీ, బుధవారం కూరగాయల పులావు అంటూ వారానికి ఆరు రోజులూ ఏ రోజు ఏం కట్టి పంపాలో అందులో రాశాము. ఆ పట్టికను ఈ రోజుతో ఉపసంహరించుకుంటున్నాము. దయచేసి ఇకపై దాన్ని పాటించాలని అనుకోకండి.

అందుకు కారణం చెప్పడం మా బాధ్యత. కిందటి వారం నాలుగో తరగతి బిడ్డ ఒకరు డబ్బా మూతను అడ్డంగా పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా తినడం నేను చూశాను. పక్కన కూర్చుని అడిగితే, "ఈ రోజు చపాతీ రోజు కదా మేడం, నేను అన్నం తెచ్చుకున్నాను" అని మెల్లగా చెప్పింది. ఆ డబ్బాలో ఉన్నది సోరకాయ వేసి వండిన పెసరపప్పు, అన్నం, ఒక నిమ్మకాయ ముక్క. ఎదిగే బిడ్డకు అంతకన్నా మంచి మధ్యాహ్న భోజనం నాకు తెలియదు. అయినా ఆ బిడ్డ దాన్ని దాచుకుని తిన్నదంటే, ఆ సిగ్గు ఇంట్లో పుట్టింది కాదు, మేము పంపిన కాగితం వల్ల పుట్టింది. తెల్లవారుజామున పనికి వెళ్లే తల్లులు, రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి డబ్బా కట్టే తండ్రులు, ఒకే పొయ్యి మీద ఐదుగురికి వండే నానమ్మలు ఉన్న బడిలో అందరికీ ఒకే పట్టిక ఇవ్వడం మా పొరపాటు. అందుకు మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాము.

అయితే పిల్లల డబ్బాలో ఏముంటే మంచిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని నేరుగా అడుగుతున్నారు కూడా. అందుకే ఈ ఉత్తరంలో కొంత వివరంగా రాస్తున్నాము.

ఒక కొలత చెప్పుకోవాలంటే, మన బడిలోనే పెట్టే ప్రభుత్వ మధ్యాహ్న భోజనం కొలతను చూడవచ్చు. ప్రాథమిక తరగతుల బిడ్డ ఒకరికి ఒక పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె చొప్పున లెక్క వేస్తారు. ఇవన్నీ వండకముందు తూకాలు. దీనితో సుమారు 450 కిలో కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది ఆ లెక్క. ఇందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదని గమనించండి. గుప్పెడు పప్పు, కొంచెం కూర, కడుపు నిండేంత అన్నం లేదా రొట్టె ఉంటే డబ్బా చాలావరకు సరిపోయినట్లే. ఐదేళ్ల బిడ్డ ఇందులో కొంత వదిలేయవచ్చు, పదేళ్ల బిడ్డకు ఇంకాస్త కావలసి రావచ్చు.

అన్నంలో పప్పు కలుపుకోవడం మన పెద్దల నుంచి వచ్చిన అలవాటు, దాని వెనుక గట్టి కారణం ఉంది. లైసిన్ అనే పోషకం బియ్యంలోనూ జొన్నల్లోనూ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్‌ను బియ్యం, జొన్నలు పూరిస్తాయి. రెండూ కలిసినప్పుడు బిడ్డ కండ పెరగడానికి కావలసిన మాంసకృత్తులు సరిగా అమరుతాయి. కందిపప్పు ధర పెరిగిన నెలలో పెసరపప్పు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు ఏవైనా ఆ పనే చేస్తాయి. ఉడికించిన కోడిగుడ్డు ఒకటి పెడితే దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పప్పు వండే వీలు లేని రోజున అన్నంలో పల్లీల పొడి, నువ్వుల పొడి కలిపి పంపినా మంచిదే. మన వరంగల్ ప్రాంతపు సర్వపిండినే చూడండి. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు అన్నీ అందులోనే ఉంటాయి. ముందు రోజు రాత్రి చేసింది మరుసటి మధ్యాహ్నానికీ బాగానే ఉంటుంది. పిల్లలు అడిగి తింటారు. పాత పట్టికలో సర్వపిండికి చోటు ఇవ్వకపోవడం ఇప్పుడు నాకు బాధ కలిగిస్తున్నది.

రక్తహీనత గురించి ప్రత్యేకంగా రాయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నుంచి 59 నెలల వయసు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. నూటికి డెబ్బై మంది అంటే అది ఏ ఒక్క ఇంటి లోపమూ కాదు, ఉన్న ఇంట్లోనూ లేని ఇంట్లోనూ కనిపించే సమస్య. ఆ వయసు దాటిన పిల్లలే ఇప్పుడు మన తరగతుల్లో కూర్చుంటున్నారు. తోటకూర, పాలకూర, మునగాకు, శనగలు వంటి వాటిలో ఇనుము ఉంటుంది కానీ శరీరం దాన్ని అంత తేలికగా తీసుకోలేదు. పుల్లనిది తోడైతే, అంటే నిమ్మరసమో, పచ్చి ఉసిరికాయ ముక్కో, జామకాయో అదే పూట తింటే, అందులోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. జామకాయలో నారింజ కన్నా సి విటమిన్ ఎక్కువ. ఖర్చు కూడా తక్కువ. ఆపిల్ పండు పెట్టలేకపోతున్నామని బాధపడే తల్లిదండ్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. మాంసం తినే ఇళ్లలో కార్జం వండిన రోజున రెండు ముక్కలు డబ్బాలో పెడితే, అందులోని ఇనుమును శరీరం ఇంకా సులభంగా తీసుకుంటుంది. టీ మాత్రం భోజనానికి దగ్గరగా తాగితే ఇనుము అందకుండా అడ్డుపడుతుంది కాబట్టి, బడి నుంచి వచ్చి మిగిలిన అన్నం తినే పిల్లలకు ఆ వెంటనే టీ ఇవ్వకుండా ఒక గంట ఆగితే మంచిది.

గుడ్డు, చేప, మాంసం, శాకాహారం, ఏ ఇంటి వంటైనా ఈ బడిలో సమానంగా తినవచ్చు. వాసన గురించి గానీ, ఎవరు ఏం తింటారన్న దాని గురించి గానీ తరగతిలో మాట వస్తే, దాన్ని సరిదిద్దే బాధ్యత టీచర్లది. దాని కోసం మీరు ఇంటి వంట మార్చుకోనవసరం లేదు. చేప పెట్టే రోజున చిన్న తరగతుల పిల్లలకు ముల్లు తీసి పంపండి, అంతే చాలు.

డబ్బా ఉదయం ఏడున్నరకు కడితే, బిడ్డ దాన్ని తెరిచేది పన్నెండున్నరకు. ఈ ఐదు గంటల గురించి కొన్ని జాగ్రత్తలు అవసరం. పొగలు కక్కే అన్నం మీద వెంటనే మూత బిగిస్తే ఆవిరి నీరుగా మారి అన్నం త్వరగా పాడవుతుంది. వెడల్పాటి పళ్లెంలో కాసేపు ఆరనిచ్చి పెట్టండి. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుందని పిల్లలు వదిలేస్తున్నారు. కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే కలిపితే తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. రాత్రి వండి బయట ఉంచిన అన్నాన్ని మధ్యాహ్నపు డబ్బాలో పెట్టవద్దని మనవి. అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, దానివల్ల వాంతులు అవుతాయి. పొద్దున వండే వీలు అందరికీ ఉండదని మాకు తెలుసు. అటువంటి రోజుల్లో బిడ్డను ఖాళీ చేతులతో పంపండి. ఏం చేయాలో ఈ ఉత్తరంలోనే కింద రాశాను.

తినడానికి పిల్లలకు దొరికేది ఇరవై ఐదు నిమిషాలు. ఒకటో తరగతి పిల్లల్లో సగం మందికి బిగుతు మూత తీయడం రాదు, రొట్టె తుంచడానికి చాలా సేపు పడుతుంది. మూత వదులుగా ఉన్న డబ్బా, ముందే ముక్కలు చేసిన రొట్టె, కలిపి పెట్టిన అన్నం పంపితే తిండి కడుపులోకి వెళుతుంది. సాయంత్రం డబ్బాలో సగం మిగిలి వస్తే బిడ్డను కోప్పడే ముందు, మూత వచ్చిందా, సమయం సరిపోయిందా అని ఒకసారి అడగండి.

చిప్స్, బిస్కెట్లు, నూడుల్స్ గురించి కూడా అడుగుతున్నారు. వాటిలో ఉప్పు, చక్కెర, నూనె ఎక్కువ. కడుపు నిండినట్టు అనిపిస్తుంది కానీ పప్పు, కూర ఇచ్చే పోషణ అందదు. అందుకే అవి మధ్యాహ్న భోజనానికి బదులు కాకుండా ఉంటే మేలని మా సలహా. అయినా ఏదో ఒక ఉదయం అదే వీలైతే అదే పంపండి. ఆ డబ్బాను టీచర్ తీసుకోరు, వెనక్కి పంపరు, తరగతి ముందు దాని గురించి మాట్లాడరు.

మనది ఎయిడెడ్ బడి కాబట్టి మధ్యాహ్న భోజనం పిల్లలందరికీ ఉంది. డబ్బా తెచ్చుకునే పిల్లలు, బడి భోజనం తినే పిల్లలు ఇప్పటివరకు వేరువేరు వరసల్లో కూర్చునేవారు. ఈ సోమవారం నుంచి అందరూ తరగతుల వారీగా ఒకే వరండాలో కలిసి కూర్చుంటారు. డబ్బా తేలేని రోజున బిడ్డ పళ్లెం తీసుకుని కూర్చుంటే చాలు. ఎందుకు తేలేదని ఎవరూ అడగరు, డైరీలో రాయరు. డబ్బా తెచ్చిన బిడ్డ బడిలో వండిన పప్పు గానీ గుడ్డు గానీ అడిగితే అదీ వడ్డిస్తారు. డబ్బాలను తనిఖీ చేయడం, మంచి డబ్బాకు నక్షత్రం ఇవ్వడం వంటి పద్ధతులను పూర్తిగా ఆపేశాము.

మీ నుంచి మాకు కావలసింది ఒక్కటే. పల్లీలు, గుడ్డు, పాలు, చేప వంటివి మీ బిడ్డకు పడకపోతే, తిన్నాక దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చి ఉంటే, 18వ తేదీ శుక్రవారం లోగా తరగతి టీచర్‌కు చెప్పండి. రాసి పంపనవసరం లేదు, గేటు దగ్గర నోటిమాటగా చెప్పినా టీచర్ రాసుకుంటారు. పిల్లలు ఒకరి డబ్బాలోది ఒకరు పంచుకుని తింటారు, ఆ అలవాటును మేము మాన్పించదలచుకోలేదు. అందుకే ఈ వివరం మాకు ముందుగా తెలియాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు