యాదగిరి బాబాయి పంపారు

శ్రీధర్ జర్మనీలో పదిహేడేళ్లు హైడ్రాలిక్ వాల్వుల కంపెనీలో పనిచేసి హైదరాబాద్ తిరిగి వచ్చాడు. కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో తనతో మెకానికల్ చదివినవాళ్లందరూ ఎప్పుడో సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిపోయారు. అతను ఇక్కడ చేయించాలనుకున్నది నూనె ప్రవాహాన్ని కచ్చితంగా అదుపు చేసే సర్వో వాల్వులో ఉండే స్పూలు, స్లీవు. వేలెడంత ఉక్కు కడ్డీ, అది జారే గొట్టం. రెంటి మధ్య ఖాళీ 4 మైక్రాన్లు దాటకూడదు. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది.

ఇంటర్నెట్‌లో దొరికిన కంపెనీలన్నిటికీ డ్రాయింగు పంపాడు. సగం మంది పలకలేదు. పలికినవాళ్లు ఏడాదికి ఎన్ని వేలు తీసుకుంటారని అడిగారు.

చివరికి నాన్న స్నేహితుడు యాదగిరి గుర్తొచ్చాడు. కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. డ్రాయింగును చాలాసేపు చూసి, "ఖలీల్ భాయ్ చేస్తాడు. నేను పంపానని చెప్పు. కానీ ఒక్కమాట నాన్నా, అక్కడ ఏం జరిగిందో నాకు వచ్చి చెప్పాలి. పని కుదరకపోయినా చెప్పాలి. నా పేరు అక్కడ పెడుతున్నాను కదా," అన్నాడు.

బాలానగర్ గల్లీలో రేకుల షెడ్డు, లోపల రెండు సిలిండ్రికల్ గ్రైండర్లు. శ్రీధర్ తెచ్చిన నమూనా స్పూలును ఖలీల్ భాయ్ చేతిలోకి తీసుకోలేదు. గుడ్డతో పట్టి గ్రానైట్ పలక మీద పెట్టి, టీ తెప్పించాడు. టీ తాగడం అయింది, ఇంకో టీ కూడా అయింది. అప్పుడు మైక్రోమీటర్ తీశాడు.

"జేబులో పెట్టుకుని వచ్చారు కదా సార్. వేడి దిగాలి."

12 మిల్లీమీటర్ల ఉక్కు పది డిగ్రీలు వేడెక్కితే ఒక మైక్రాన్‌కు పైగా పెరుగుతుంది. శ్రీధర్ పనిచేసిన చోట ఇందుకోసం 20 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచే గది ఉండేది. ఈ షెడ్డులో ఆ గది లేదు గానీ ఆ గది ఎందుకో తెలిసిన మనిషి ఉన్నాడు. నా దృష్టిలో ఒక ఊరి అసలు పరిశ్రమ అంటే ఇలాంటి మనుషులే. యంత్రాలను ఎవరైనా కొనగలరు.

"440సీ ఉక్కు కదా, కాల్చి గట్టిపరచడం ఎక్కడ?" అని అడిగాడు ఖలీల్. "చల్లార్చాక సున్నా డిగ్రీల కిందికి దింపి సబ్‌జీరో చేయించకపోతే నేను ఎంత బాగా రుద్దినా లాభం లేదు. కొన్నాళ్లకు లోపల ఉక్కు మారి సైజు పెరుగుతుంది, స్పూలు బిగుసుకుంటుంది. అప్పుడు తప్పు గ్రైండింగుదే అంటారు."

జీడిమెట్లలో వాక్యూమ్ ఫర్నేసు నడిపే పద్మమ్మకు తనే ఫోను చేశాడు. "యాదగిరి సాబ్ మనిషి. చిన్న లాటే, కాదనకండి," అన్నాడు.

శ్రీధర్ నేరుగా జీడిమెట్ల వెళ్లలేదు. ముందు యాదగిరి ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. పెద్దాయన ముఖం వెలిగింది. "ఖలీల్ ఇంకా మైక్రోమీటరుకు ముందు టీ తెప్పిస్తున్నాడా?"

పద్మమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఐదు ముక్కల కోసం ఫర్నేసు వెలిగిస్తే కరెంటు ఖర్చు కూడా రాదు. "వేరే పార్టీ లాటు ఇదే ఉక్కుతో వచ్చినప్పుడు మీవి కలిపి పెడతాను. ఎప్పుడని అడగకూడదు, బాబూ." శ్రీధర్ అడగలేదు. పని అయిన రోజే డబ్బు కట్టి, కాఠిన్యం రీడింగుల కాగితం ఒక ప్రతి ఖలీల్‌కు పంపాడు. గట్టిపరిచినవాళ్ల లెక్కలు గ్రైండింగు మనిషికి ఎవరూ చూపించరట. ఆ కాగితాన్ని ఖలీల్ గోడకు అంటించుకున్నాడు.

పద్మమ్మ చర్లపల్లిలో కొలతల ల్యాబు చూపించింది. ల్యాబులో ఇంజనీరు రిపోర్టు చూసి, యంత్ర భాగాలను నడిపించి పరీక్షించే టెస్ట్ రిగ్గులు కట్టే ఒక ఫ్యాక్టరీ పర్చేజ్ మేనేజరుకు తనంతట తానే ఫోను చేశాడు. ప్రతిచోటా శ్రీధర్ చేసింది ఒకటే: పంపినవాళ్లకు తిరిగి కబురు చెప్పడం. ఒక కోటింగు షాపులో పని కుదరలేదు, ఆ సంగతీ చెప్పాడు. దాంతో పద్మమ్మ ఇంకొకరి నంబరు ఇచ్చింది.

పర్చేజ్ మేనేజరు గట్టి మనిషి. ముక్కలు తీసుకుని వారాల తరబడి రిగ్గు మీద నడిపించాడు, ఆ మధ్యలో ఒక్క ఫోనూ ఎత్తలేదు. తర్వాత పది సెట్లకు ట్రయల్ ఆర్డరు ఇచ్చాడు.

శ్రీధర్ గేటు బయట నుంచే యాదగిరికి చెప్పాడు, తర్వాత పద్మమ్మకు, ఆ తర్వాత ఖలీల్‌కు.

"పదా?" అన్నాడు ఖలీల్. వెనక గ్రైండరు ఆగిన చప్పుడు వినిపించింది. "అయితే పన్నెండు సెట్ల మెటీరియల్ పంపండి సార్, రెండు నాకు సెట్టింగుకు కావాలి. పద్మమ్మ లాటు ఎప్పుడు పెడుతుందో మీరు అడగొద్దు, నేను కనుక్కుంటాను."