తూర్పు వీధి ఇన్నింగ్స్: కామెంటరీ నుంచి స్కోర్‌కార్డు

సంక్రాంతి టోర్నీ ఫైనల్. చీకటి పడుతోందని 3 ఓవర్లకే కుదించారు. పడమర వీధి బ్యాటింగ్ రేపు పొద్దున.

కామెంటరీ

ఓవర్ 1, సలీం: శ్రీను సింగిల్‌తో మొదలు. గోపి కవర్స్ మీదుగా ఫోర్! వైడ్. గోపికి డాట్. గోపి సింగిల్. బౌల్డ్! శ్రీను మిడిల్ స్టంప్ ఎగిరిపోయింది. వచ్చీ రాగానే రాజు ప్యాడ్‌కి తగిలి లెగ్ బై ఒకటి. స్కోరు 8/1.

ఓవర్ 2, మధు: రాజు సిక్స్, బంతి చెరువు గట్టు దాటింది! నో బాల్, దాని మీద రాజుకి రెండు. ఫ్రీ హిట్‌కి సింగిలే, అయ్యో. గోపి ఫోర్. డాట్. కీపర్ వదిలేశాడు, బైస్ రెండు. చివరి బంతికి గోపి ఒకటి పూర్తి చేసి రెండోదానికి వెనక్కి తిరిగాడు, కీపర్ వైపు రనౌట్. 25/2.

ఓవర్ 3, సలీం: రాజు సింగిల్. నాని గాల్లోకి లేపాడు, మధు క్యాచ్! బాబి వచ్చాడు. వైడ్, కీపర్‌కి అందలేదు, ఒకటి పరుగెత్తారు. రాజు ఫోర్. రాజు సింగిల్. బాబి రెండు, ఆఖరికి సింగిల్.

స్కోర్‌కార్డు

| బ్యాటర్ | అవుట్ | పరుగులు | బంతులు | 4 | 6 |
|---|---|---|---|---|---|
| శ్రీను | బౌల్డ్ సలీం | 1 | 2 | 0 | 0 |
| గోపి | రనౌట్ | 10 | 7 | 2 | 0 |
| రాజు | నాటౌట్ | 15 | 7 | 1 | 1 |
| నాని | క్యాచ్ మధు, బౌలర్ సలీం | 0 | 1 | 0 | 0 |
| బాబి | నాటౌట్ | 3 | 2 | 0 | 0 |
| ఎక్స్‌ట్రాలు | వైడ్ 3, నో బాల్ 1, బై 2, లెగ్ బై 1 | 7 | | | |
| మొత్తం | 3 వికెట్లు, 3 ఓవర్లు | 36 | | | |

వికెట్లు పడ్డ స్కోర్లు: 7 (శ్రీను), 25 (గోపి), 26 (నాని).

| బౌలర్ | ఓవర్లు | పరుగులు | వికెట్లు | వైడ్ | నో బాల్ |
|---|---|---|---|---|---|
| సలీం | 2 | 18 | 2 | 3 | 0 |
| మధు | 1 | 15 | 0 | 0 | 1 |

స్కోరర్ మాట

బంతుల కాలమ్ కలిపితే 19 వస్తుంది, కంగారు పడొద్దు. నో బాల్ బ్యాటర్ ఆడిన బంతి కిందే లెక్క, వైడ్ కాదు. ఆ నో బాల్ మీద కొట్టిన రెండూ రాజువి, ఎక్స్‌ట్రాకి పోయింది ఒక్కటే. బై, లెగ్ బై బౌలర్ ఖాతాలో పడవు: 18, 15 కలిపితే 33, వాటికి ఈ మూడూ చేరితే 36. రనౌట్ మధు వికెట్ కాదు, అతను అడిగినా ఇవ్వలేను.

నాని క్యాచ్‌కి బ్యాటర్లు ఒకరినొకరు దాటారు కదా, రాజు ఆడాలి అని గొడవ జరిగింది. 2022 అక్టోబరు నుంచి రూల్ మారింది, ఓవర్ అయిపోతే తప్ప కొత్త బ్యాటరే స్ట్రైక్ తీసుకోవాలి. బాబి ఆడటం కరెక్టే.

మైకులో 35 అని చెప్పారు. మూడో ఓవర్ వైడ్‌కి పరుగెత్తిన ఒకటి వదిలేశారు. అది కూడా వైడే, అంటే ఆ బంతికి రెండు. కాబట్టి పడమర వీధి గెలవాలంటే 37 కొట్టాలి, 36 కాదు.