ఎండు మిర్చి సరఫరా ఒప్పందం: 17వ క్లాజు, ఆర్బిట్రేషన్

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వ ఉంచి అమ్మే భాగస్వామ్య సంస్థ (ఇకపై "అమ్మకందారు"), హైదరాబాద్‌లో మిర్చి పొడి తయారుచేసి ఎగుమతి చేసే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ (ఇకపై "కొనుగోలుదారు"), మేమిద్దరం 2026 ఫిబ్రవరి 12న రాసుకున్న సరఫరా ఒప్పందంలో ఈ క్లాజు ఒక భాగం. సరుకు తేజ రకం ఎండు మిర్చి, 4,000 టిక్కీలు, టిక్కీకి 45 కిలోల చొప్పున 1,800 క్వింటాళ్లు. ధర క్వింటాకు రూ. 14,000, మొత్తం రూ. 2.52 కోట్లు.

2024 సీజన్‌లో మేం రాసుకున్న ఒప్పందంలో "వివాదం వస్తే ఆర్బిట్రేషన్‌కు గానీ కోర్టుకు గానీ వెళ్లవచ్చు" అని ఒకే వాక్యం ఉంది. ఎక్కడ, ఎవరి ముందు, ఏ భాషలో, ఏ నిబంధనల ప్రకారం అన్నది అందులో లేదు. అలా వదిలేస్తే సరుకు గొడవ కంటే ముందు ఆ గొడవే తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే సంబంధాలు బాగున్న ఈ సమయంలోనే ఆ నాలుగింటినీ ఇక్కడ ఖాయం చేసుకుంటున్నాం. పాత వాక్యం ఇకపై చెల్లదు. 2024 లావాదేవీల్లో ఏదైనా బాకీ తేలితే దానికీ ఈ క్లాజే వర్తిస్తుంది.

17.1 ఈ ఒప్పందం వల్ల గానీ, దానికి సంబంధించి గానీ మా మధ్య తలెత్తే ప్రతి వివాదాన్నీ ఆర్బిట్రేషన్ ద్వారానే అంతిమంగా పరిష్కరించుకుంటాం. ఒప్పందం అసలు కుదిరిందా, చెల్లుతుందా, రద్దయిందా, ఎవరు ఉల్లంఘించారు అనే ప్రశ్నలు కూడా ఇందులోకే వస్తాయి. ఇది ఇష్టమైతే ఎంచుకునే మార్గం కాదు, మా ఇద్దరికీ కట్టుబాటు. ఒప్పందం ముగిసినా, రద్దయినా, చెల్లదని తేలినా ఈ క్లాజు విడిగా నిలిచే ఉంటుంది.

17.2 ముందుగా అమ్మకందారు తరఫున ఒక భాగస్వామి, కొనుగోలుదారు తరఫున ఒక డైరెక్టరు నేరుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ఇందుకు గడువు రాతపూర్వక ఫిర్యాదు అందిన రోజు నుంచి 15 రోజులు. ఎదుటివారు రాకపోయినా, మాటలు సాగుతూనే ఉన్నా 16వ రోజున ఆర్బిట్రేషన్ నోటీసు ఇవ్వవచ్చు. మాట్లాడుకోలేదన్న కారణంతో ఆర్బిట్రేషన్ ఆగదు.

17.3 సీటు. ఆర్బిట్రేషన్‌కు న్యాయపరమైన సీటు తెలంగాణ రాష్ట్రంలోని హైదరాబాద్. ఆర్బిట్రేషన్‌కు సంబంధించి కోర్టుకు వెళ్లాల్సిన ప్రతి సందర్భంలోనూ, అంటే మధ్యంతర ఉత్తర్వులకైనా, ఆర్బిట్రేటర్ గడువు పొడిగింపుకైనా, అవార్డును సవాలు చేయడానికైనా, హైదరాబాద్‌లో అధికార పరిధి గల కోర్టులకు, అవసరమైతే తెలంగాణ హైకోర్టుకు మాత్రమే వెళతాం. గుంటూరులో గానీ మరెక్కడైనా గానీ అలాంటి పిటిషన్ వేయం. ఒక మినహాయింపు ఉంది. అవార్డు ప్రకారం డబ్బు వసూలు చేసుకునేందుకు ఎదుటివారి ఆస్తి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి కోర్టుకు వెళ్లవచ్చు.

వివరణ: సరుకు గుంటూరులో ఉంటుంది, కాటా అక్కడే పడుతుంది, డబ్బు మాత్రం హైదరాబాద్ నుంచి వెళుతుంది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకు హైకోర్టులు వేరు. సీటు రాసుకోకపోతే ఒకరు ఇక్కడ, మరొకరు అక్కడ పిటిషన్లు వేసి, ఏ కోర్టుకు అధికారం ఉందన్న వాదనలోనే ఏళ్లు గడిచిపోతాయి. సీటు ఖాయం చేసుకుంటే ఆ ఊరి కోర్టులకే అధికారం ఇచ్చినట్లని సుప్రీంకోర్టు 2017లో ఇండస్ మొబైల్ కేసులో స్పష్టం చేసింది.

17.4 సీటు వేరు, విచారణ జరిపే చోటు వేరు. కోల్డ్ స్టోరేజీ గుమస్తా, కాటా వేసినవారు, హమాలీలు సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఆర్బిట్రేటర్ గుంటూరులో విచారణ జరపవచ్చు, సరుకును స్వయంగా చూడవచ్చు, వీడియో ద్వారా కూడా వినవచ్చు. రోజు కూలీ మీద బతికేవారిని ఒక్క పూట సాక్ష్యం కోసం హైదరాబాద్ రప్పించడం న్యాయం కాదని మేమిద్దరం ఒప్పుకున్నాం. విచారణలన్నీ గుంటూరులోనే జరిగినా సీటు మాత్రం హైదరాబాదే. అవార్డు ఎక్కడ సంతకం చేసినా హైదరాబాద్‌లో ఇచ్చినట్లే లెక్క.

17.5 ఆర్బిట్రేటర్ల సంఖ్య. ఒకే ఒక్క ఆర్బిట్రేటర్. క్లెయిం ఎంత పెద్దదైనా, ఎదురు క్లెయిం వచ్చినా ఈ సంఖ్య మారదు. చట్టం సరి సంఖ్యను ఒప్పుకోదు కాబట్టి ఇద్దరిని పెట్టుకునే వీలు లేదు. ముగ్గురిని పెట్టుకుంటే మూడు ఫీజులు, ముగ్గురికీ కుదిరే తేదీలు చూసుకోవాలి. రూ. 2.52 కోట్ల ఒప్పందంలో సాధారణంగా వచ్చే తగాదా రెండు మూడు లారీల సరుకు మీదే. దానికి అంత భారం అనవసరం.

17.6 నియామకం. నోటీసు అందిన 15 రోజుల్లో మేమిద్దరం కలిసి ఒకరిని రాతపూర్వకంగా ఎంచుకుంటాం. కుదరకపోతే 17.9లో చెప్పిన సంస్థ తన నిబంధనల ప్రకారం నియమిస్తుంది. ఏ ఒక్కరమూ ఏకపక్షంగా ఆర్బిట్రేటర్‌ను నియమించం, "ఈ ముగ్గురిలో ఒకరిని ఎంచుకోండి" అని మా సొంత జాబితా ఎదుటివారి ముందు పెట్టం. తీర్పుతో లాభనష్టాలు ఉన్నవారే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం తగదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. కోర్టు చెప్పకపోయినా మేం ఇలాగే రాసుకునేవాళ్లం.

ఆర్బిట్రేటర్‌గా వచ్చేవారు జిల్లా జడ్జి లేదా అంతకంటే పై హోదాలో పనిచేసి రిటైరైనవారు గానీ, కనీసం 15 ఏళ్లు ప్రాక్టీసు చేసిన అడ్వొకేటు గానీ అయి ఉండాలి. తెలుగు ధారాళంగా చదవడం, రాయడం రావాలి. గత మూడేళ్లలో మాలో ఎవరితోనైనా మిర్చి లావాదేవీ నడిపినవారు, కమీషన్ ఏజెంట్లు, మా బంధువులు, మా లాయర్లు, ఆడిటర్లు పనికిరారు.

17.7 భాష. ఆర్బిట్రేషన్ తెలుగులో జరుగుతుంది. క్లెయిం, జవాబు, సాక్ష్యాలు, వాదనలు, ఉత్తర్వులు అన్నీ తెలుగులోనే. ల్యాబ్ రిపోర్టులు, ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎగుమతి పత్రాలు, ఈమెయిళ్లు, చట్టాలు, కోర్టు తీర్పులు ఇంగ్లిష్‌లో ఉంటే అలాగే దాఖలు చేయవచ్చు, వాటికి తర్జుమా అడగం. వేరే భాషలో ఉన్న పత్రం ఏదైనా దాఖలు చేసేవారే తమ ఖర్చుతో తెలుగు తర్జుమా ఇవ్వాలి. సంస్థతో ఆఫీసు ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లిష్‌లో ఉండవచ్చు.

అవార్డు కారణాలతో సహా తెలుగులో ఉండాలి. దానితో పాటు ఆర్బిట్రేటర్ ధ్రువీకరించిన ఇంగ్లిష్ ప్రతి కూడా ఇవ్వాలి. హైకోర్టు దాకా వెళ్తే గానీ, వేరే రాష్ట్రంలో వసూలుకు వెళ్తే గానీ అది అవసరమవుతుంది. రెండింటికీ తేడా వస్తే తెలుగు ప్రతిదే చెల్లుబాటు.

వివరణ: 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సీలియేషన్ చట్టం 22వ సెక్షన్ భాషను ఎంచుకునే స్వేచ్ఛ పక్షాలకే ఇచ్చింది. మా బేరం తెలుగులో జరిగింది, ఈ ఒప్పందం తెలుగులో ఉంది, కాటా చిట్టాలు తెలుగులో ఉన్నాయి. తమ కేసులో ఏం మాట్లాడుతున్నారో పక్షాలకు అర్థం కావడం మాకు అన్నిటికంటే ముఖ్యం.

17.8 వర్తించే చట్టం. సరఫరా ఒప్పందానికీ, ఈ క్లాజుకూ భారతదేశ చట్టాలే వర్తిస్తాయి. ముఖ్యంగా 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం. ఆర్బిట్రేషన్ ప్రక్రియకు 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సీలియేషన్ చట్టం వర్తిస్తుంది.

17.9 నిబంధనలు. హైదరాబాద్‌లోని ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ (ఇకపై "ఐఏఎంసీ") నిర్వహణలో, ఆ సంస్థ ఆర్బిట్రేషన్ నిబంధనల ప్రకారం విచారణ జరుగుతుంది. నోటీసు ఇచ్చిన రోజున అమల్లో ఉన్న నిబంధనలే లెక్క, ఈ రోజున ఉన్నవి కావు. ఆ నిబంధనలకూ ఈ క్లాజుకూ పొసగని చోట సీటు, సంఖ్య, భాష విషయంలో ఈ క్లాజులో రాసిందే నిలుస్తుంది.

ఏ కారణం చేతనైనా ఐఏఎంసీ పనిచేయకపోయినా, కేసు తీసుకోకపోయినా ఈ క్లాజు కూలిపోదు. అప్పుడు ఆర్బిట్రేటర్‌ను 11వ సెక్షన్ కింద తెలంగాణ హైకోర్టు ద్వారా నియమించుకుంటాం. విచారణ 1996 చట్టం ప్రకారం నడుస్తుంది. హైదరాబాద్ సీటు, ఒకే ఆర్బిట్రేటర్, తెలుగు భాష, ఈ మూడూ యథాతథంగా ఉంటాయి.

17.10 నాణ్యత తగాదా. లోడింగ్ సమయంలో ఇద్దరి సమక్షంలో తీసి సీలు వేసిన మూడు మచ్చుల్లో ఒకటి అమ్మకందారు దగ్గర, ఒకటి కొనుగోలుదారు దగ్గర, మూడోది కోల్డ్ స్టోరేజీ యాజమాన్యం దగ్గర ఉంటాయి. తేమ, అఫ్లాటాక్సిన్, రంగు మీద తగాదా వస్తే మూడో మచ్చును గుంటూరులోని స్పైసెస్ బోర్డు ల్యాబ్‌కు పంపుతాం. ల్యాబ్ చెప్పిన అంకె మా ఇద్దరికీ శిరోధార్యం. ఆ అంకె వల్ల ధర ఎంత తగ్గాలి, సరుకు వెనక్కి పోవాలా, నష్టం ఎవరిది అన్నది మాత్రం ఆర్బిట్రేటర్ తేలుస్తారు.

ఉదాహరణ: ఒప్పందం ప్రకారం తేమ 11 శాతం దాటకూడదు. మూడో మచ్చులో 13 శాతం వచ్చింది. 13 కాదు, 10 అని అమ్మకందారు ఆర్బిట్రేటర్ ముందు వాదించడానికి వీల్లేదు. లారీ మీద టార్పాలిన్ కప్పకపోవడం వల్ల దారిలో వానకు తడిసి సరుకు పాడైందని కొనుగోలుదారు వేరే నష్టం అడిగితే, మచ్చు లోడింగ్ నాటిది కాబట్టి ఆ వాదన ఆర్బిట్రేటర్ వినాల్సిందే.

17.11 తగాదా నడుస్తున్నంత కాలం సరుకు రంగు తగ్గుతూ, కోల్డ్ స్టోరేజీ అద్దె పెరుగుతూ ఉంటుంది. కాబట్టి ఎవరు కోరినా ఆర్బిట్రేటర్ తగాదా సరుకును గుంటూరు మిర్చి యార్డులో అమ్మించి, వచ్చిన డబ్బును ఇద్దరి పేరా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని ఆదేశించవచ్చు. ఆర్బిట్రేటర్ నియామకం కాకముందే అంత తొందర వస్తే 9వ సెక్షన్ కింద హైదరాబాద్ కోర్టును ఆశ్రయించవచ్చు. అలా ఉత్తర్వు తెచ్చుకున్నవారు 30 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. చట్టం 90 రోజులు ఇస్తుంది, మిర్చికి అంత ఓపిక ఉండదు.

17.12 క్లెయిం, జవాబు దాఖలు 90 రోజుల్లో పూర్తి కావాలి. ఆ తర్వాత ఆరు నెలల్లో అవార్డు ఇవ్వడానికి ఆర్బిట్రేటర్ ప్రయత్నించాలి. ఈ గడువు దాటినంత మాత్రాన అవార్డు చెల్లకుండా పోదు, 29ఎ సెక్షన్‌లో ఉన్న 12 నెలల గడువు, దాని పొడిగింపు నియమాలే అంతిమం. బాకీ తేలిన మొత్తంపై ఏడాదికి 12 శాతం వడ్డీ.

17.13 ఖర్చులు ఎవరు భరించాలో 31ఎ సెక్షన్ ప్రకారం ఆర్బిట్రేటర్ నిర్ణయిస్తారు. ఎవరు గెలిచినా ఖర్చు ఫలానా వారిదే అని వివాదం రాకముందే రాసుకుంటే చట్టం ఒప్పుకోదు, అందుకే రాసుకోలేదు. ముందస్తు డిపాజిట్ చెరి సగం కట్టాలి. ఒకరు కట్టకపోతే రెండోవారు ఆ వాటా కూడా కట్టి విచారణ నడిపించుకోవచ్చు, ఆ సొమ్ము అవార్డులో రాబట్టుకోవచ్చు.

17.14 నోటీసులు ఒప్పందం మొదటి పేజీలోని చిరునామాలకు స్పీడ్ పోస్టులోనూ, అక్కడే రాసిన ఈమెయిళ్లకూ పంపాలి. వాట్సాప్ సందేశం ఈ క్లాజు కింద నోటీసు కాదు, బేరసారాలకు సాక్ష్యంగా మాత్రం చూపించవచ్చు. విచారణ వివరాలు బయటపెట్టం. బ్యాంకు, ఆడిటరు, బీమా కంపెనీ, కోర్టు అడిగితే అవసరమైనంత వరకే చెబుతాం.

పై క్లాజును ఇద్దరి తరఫువారికీ చదివి వినిపించగా, విని, అర్థం చేసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకుని, ఈ క్లాజు ఉన్న ప్రతి పేజీ కింద విడిగా సంతకాలు చేశాం.