నీ స్పీచ్ చదివిన తమ్మీ, జర కోపం రాకుండ విను

తమ్మీ, మన హాస్టల్ దోస్తు పెండ్లి రిసెప్షన్ల చెప్పెతందుకని రాసి రాత్రి నువ్వు పంపిన స్పీచ్ రెండుసార్లు చదివిన. ఒకసారి మనసుల, ఇంకోసారి ఫోన్ల టైమర్ పెట్టుకొని గట్టిగ. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లొచ్చింది. అది కూడ మధ్యల ఎవ్వరు నవ్వకుండ, మైక్ కుయ్యిమనకుండ. హాల్ల అయితే పన్నెండు నిమిషాలు దాటుతది.

రిసెప్షన్ల స్టేజి ముంగట కవర్లు పట్టుకొని లైన్ల నిలబడ్డోళ్లను యాది చేస్కో. నువ్వు మాట్లాడినంతసేపు ఆ లైన్ కదలది, ఫోటోలు ఆగుతయి, పక్కన మటన్ వాసనొస్తుంటది, పాలమూరు నుంచి బస్సు మాట్లాడుకొని వచ్చినోళ్లేమో మళ్ల రాత్రికి రాత్రి ఇంటికి పోవాలె. మూడు నిమిషాలు చాలు రా. మూడున్నర దాటితే నేనే కింద నుంచి చెయ్యి ఊపుత.

ఏం తీసెయ్యాల్నంటే, మొదటి పేజి మొత్తం. పదకొండు మందికి పేరుపేరున థాంక్స్ చెప్పినవ్, సర్పంచ్ సాబ్ నుంచి డెకరేషన్ అన్న దాక. అది యాంకర్ పని, పిల్ల నాయన పని. నీది కాదు. "ఈ శుభ సందర్భంలో మీ అందరి సమక్షంలో" అన్న లైను కూడ తీసెయ్, నువ్వు ఎన్నడన్న గట్ల మాట్లాడినవా?

ఇగ అసలు సంగతి జోకులు. లెక్కపెట్టిన, పద్నాలుగున్నయి. అందుల తొమ్మిది మన హాస్టలోళ్లు ఆరుగురికే సమజైతయి. "212 అంటే చాలు, మావోడు మొఖం దాచుకుంటడు" అని రాసినవ్, నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది, నిజమే. కని ఆ రోజు హాల్ల ఆరుగురు పగలబడి నవ్వుతరు, మిగిలిన ఐదువందల మంది ఒకల మొఖం ఒకలు చూస్కుంటరు, పిల్ల తరఫు పెద్దమ్మలైతే "ఏందట 212? ఏమన్న కేసా?" అని పక్కోళ్లను అడుగుతరు. అనుమానం పుట్టిందంటే పోదు. అది మెస్ల మనం బాకీ పడ్డ పైసలని ఎవలు పోయి చెప్తరు ఒక్కొక్కలకు?

ఫోర్త్ సెమిస్టర్ ముచ్చట ఉన్నది చూడు, అది మాత్రం ఇప్పుడే డిలీట్ కొట్టు. పేరు చెప్పలే కదన్న అంటవ్, పేరు చెప్పకుంటేనే ఎక్కువ ఆలోచిస్తరు. పెండ్లిపిల్ల, మన చెల్లె, అక్కడే కూసొని ఉంటది రా.

కని బకెట్ జోకు తీసెయ్యకు. నీ స్పీచ్ల బంగారమంటే అదే, నువ్వేమో నాలుగో పేజిల "బకెట్ గాడు అంటే తెల్సు కదా" అని ఒక్క లైన్ల తొక్కేసినవ్. ఎవలకు తెల్సు? గది విడమరిచి చెప్పు. ఎండకాలం హాస్టల్ల నీళ్లు పొద్దుగాల నాలుగింటికి అరగంటే వస్తుండె, మనమందరం ముసుగుతన్ని పండుకుంటే మన పెండ్లికొడుకు ఒక్కడు లేచి ఫ్లోర్ మొత్తానికి బకెట్లు నింపి తలుపుల ముంగట పెడుతుండె, ఎన్నడు ఒక్క మాట అనలే, అందుకే వానికి ఆ పేరు. నాలుగు లైన్లు. నల్లగొండోళ్లకు, పాలమూరోళ్లకు నీళ్ల తిప్పలేందో ఎవలన్న చెప్పాల్నా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన ముసలోళ్లున్నరు మన దిక్కు, అటు దిక్కు కరువుకు ఊర్లు ఇడిసి వలస పోయినోళ్లున్నరు. ఇంటోళ్లు లేవకముందే నీళ్లు నింపి పెట్టే పిలగాడు అంటే పిల్ల తల్లి కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. జోకు జోకే ఉంటది, అల్లుడు ఎసుంటోడో కూడ తెలుస్తది. మొదలే దీంతోని పెట్టు.

ముగింపు ఒకటి కాదు, మూడున్నయి. "చివరిగా ఒక్క మాట" అన్నవ్, తర్వాత మళ్ల "ఇంకొక్కటి చెప్పి ముగిస్త" అన్నవ్, ఆఖరికి "అంతే ఇగ, ఏమన్న తప్పుంటే క్షమించండి". తప్పేం చేసినవని? జనాలకు సప్పట్లు ఎప్పుడు కొట్టాల్నో తెల్వాలె కదా, లేకుంటే నువ్వు మైక్ పట్టుకొని ఊకె నిలబడతవ్, డీజే వాడు మధ్యల పాట ఏస్తడు. మొదలుపెట్టిన బకెట్ తోనే ముగియ్యి. నాకు తోచింది రాస్తున్న, నీ నోటికి తగ్గట్టు మార్చుకో:

"చెల్లె, నాలుగేండ్లు మాకందరికి నీళ్లు మోసినోన్ని ఇయ్యాల నీకు అప్పజెప్తున్నం. పొద్దుగాల నాలుగింటికి వానికి మెలకువొస్తది, అప్పుడప్పుడు నువ్వు కూడ లేచి వాన్ని జర పండుకోనియ్యి. అందరు ఒక్కసారి గట్టిగ సప్పట్లు కొట్టి మా బకెట్ గాన్ని, మా చెల్లెను దీవించుండ్రి."

అంతే. దీని తర్వాత "థాంక్యూ" కూడ వద్దు, మైక్ ఇచ్చి కిందికి దిగు.

ఇంకోటి, ఫోన్ల చూసి చదవకు, ఆ టైంల ఎవడో ఒకడు కాల్ చేస్తడు. చిన్న కాయితం మీద పెద్ద అక్షరాలతోని రాస్కో. బుధవారం లోపల మార్చి, చదివి వాయిస్ పంపు, నేను మళ్ల టైమర్ పెడ్త.