శ్రీనూ, నీ రెజ్యూమె ఆ పోస్టింగ్ పక్కన పెట్టి చదివాను

శ్రీనూ,

నిన్న రాత్రి రెండు కాగితాలూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకటి షాద్‌నగర్ వైపు ఫార్మా ప్లాంటు వాళ్ల సప్లై చైన్ మేనేజర్ జాబ్ పోస్టింగ్, రెండోది నీ రెజ్యూమె. నీతో ఆరేళ్లు ఒకే పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాడిగా కాకుండా, నీ ముఖం కూడా చూడనివాడిలా చదవాలని ప్రయత్నించాను. నాకు నచ్చనివే ముందు చెప్తాను, ఏమీ అనుకోకు.

మొదటి పేజీ నెత్తిన "రూ.1.80 కోట్ల పొదుపు" అని బోల్డులో కొట్టావు. కన్ను నేరుగా దాని మీదికే వెళ్తుంది, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నా అక్కడే పడుతుంది. నువ్వు పంపిన ఎక్సెల్‌ షీటు విప్పి చూశాను. అందులో 1.12 కోట్లు సాల్వెంట్లవి. ఆ ఏడాది మార్కెట్టే దిగింది. నువ్వు సీట్లో లేకపోయినా ఆ రేటు తగ్గేదే. ఇంకో 25 లక్షలు, వెండర్ 8 శాతం పెంచమంటే నువ్వు 3 దగ్గర ఆపినవి. అది మంచి పనే, కానీ దాన్ని కాస్ట్ అవాయిడెన్స్ అంటారు, సేవింగ్ అనరు. ఆ డబ్బు కంపెనీ ఖాతాలో ఎక్కడా మిగిలినట్టు కనపడదు. ఫైనాన్స్‌వాళ్లు ఒప్పుకునేది మిగతా 43 లక్షలే.

ఆ 43 లక్షలు తక్కువని సిగ్గుపడకు. నీ చేతిలో ఉన్న ప్యాకింగ్ మెటీరియల్ కొనుగోలు ఏడాదికి 9 కోట్లు. దాని మీద నూటికి దాదాపు 4.8 వచ్చినట్టు. ఎంత కొనుగోలు మీద వచ్చిందో చెప్పకుండా పొదుపు ఒక్కటే రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. 1.80 కోట్లు రాసి వాళ్లు అడిగినప్పుడు 43కి దిగావంటే, నిజంగా సంపాదించిన ఆ 43ని కూడా నమ్మరు.

ఇక నెగోషియేషన్. "వెండర్లతో సమర్థంగా చర్చలు జరిపాను" అని రాశావు. ఈ వాక్యం లేని పర్చేజ్ రెజ్యూమె నేనింతవరకు చూడలేదు. ఫైబర్ డ్రమ్ముల సంగతి గుర్తుందా? ఏడాదికి 36 వేల డ్రమ్ములు, 540 ఉన్న రేటు 492కి వచ్చింది. డ్రమ్ముకి 48 రూపాయలు, అంటే మొత్తం 17 లక్షల 28 వేలు. కానీ నువ్వు అక్కడ బేరమాడి రేటు కోయలేదు కదా. మూడు సైజుల్ని రెండు చేయించావు. ప్రొడక్షన్ వాళ్లని ఒప్పించడానికి రెండు నెలలు షాప్‌ఫ్లోర్ చుట్టూ తిరిగావు. క్యూఏ దగ్గర చేంజ్ కంట్రోల్ ఫైలు కదిలించావు. ఆ తర్వాతే వెండర్‌కి ఏడాది రేట్ కాంట్రాక్ట్ ఇచ్చావు. వాడికి ఒక సెటప్ తగ్గింది కాబట్టి రేటు తగ్గించగలిగాడు. పోస్టింగ్‌లో "క్రాస్ ఫంక్షనల్" అని వాళ్లు రాసుకున్నది దీన్నే. ఈ కథలో ఒక్క ముక్క కూడా నీ రెజ్యూమెలో లేదు.

ఇంకొకటి చూసి నిజంగా ఉలిక్కిపడ్డాను. "14 మంది వెండర్ల క్రెడిట్ పీరియడ్ 30 రోజుల నుంచి 90కి పెంచాను" అన్నావు. ఆ 14 మందిలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారులు ఎంతమంది? జీడిమెట్ల, చర్లపల్లి లైనర్లవాళ్లు ఖచ్చితంగా ఉంటారు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకూడదు, దాటితే వడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఆదాయపు పన్ను చట్టం 43బీ(హెచ్) కూడా వచ్చి కూర్చుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఆ గడువులోపల కట్టకపోతే ఆ ఖర్చు, డబ్బు కట్టిన సంవత్సరంలోనే తగ్గింపుకి వస్తుంది. ఇంటర్వ్యూలో ఫైనాన్స్ హెడ్ కూర్చున్నాడంటే నువ్వు విజయమనుకున్న లైను నేరాంగీకారంలా వినిపిస్తుంది. పెద్ద సాల్వెంట్ సప్లయర్లతో సాధించిన క్రెడిట్ వరకే ఉంచు, మిగతాది కొట్టేయ్.

సిస్టమ్స్ దగ్గర "ఎస్ఏపీ, అరీబా, ఒరాకిల్, టాలీ" అని వరసపెట్టావు. అరీబా డెమో మనిద్దరం కలిసే చూశాం, ఆ రోజు సమోసాలు తప్ప ఇంకేమీ గుర్తులేదు నాకు. తీసెయ్. ఒరాకిల్ కూడా అంతే. నీకు నిజంగా చేతనైంది ఎస్ఏపీ పాత వెర్షన్ ఈసీసీలో ఎంఎం మాడ్యూల్: ME21Nలో పీఓ, ME2M తీసి రేట్ల చరిత్ర, పొద్దున్నే MD04 చూసి ఏది అయిపోబోతోందో స్టోర్స్ కన్నా ముందే చెప్పడం. అదే రాయి. వాళ్లు అడిగింది దాని కొత్త వెర్షన్ ఎస్ ఫోర్ హనా. వెండర్‌ని ఎలా క్రియేట్ చేస్తావంటే నోటికి XK01 వచ్చేస్తుంది నీకు. అక్కడ అది BPకి, అంటే బిజినెస్ పార్ట్‌నర్‌కి మారింది. తెలియనిది తెలియదని చెప్పు, కానీ ఆ నాలుగైదు తేడాలు చదువుకుని వెళ్లు.

ఇప్పుడు అసలు లోటు. పోస్టింగ్‌లో కొనుగోలు మూడో వంతే. మిగతాదంతా ఇన్వెంటరీ, ఫోర్‌కాస్ట్, ఇంపోర్ట్ లాజిస్టిక్స్. నీ రెజ్యూమె చదివితే నువ్వు పీఓలు కొట్టే మనిషివనే అనిపిస్తుంది. మరి 2020 ఫిబ్రవరి ఎక్కడ పోయింది? కొత్త సంవత్సరం సెలవులు అయిపోయినా చైనాలో ఫ్యాక్టరీలు తెరవలేదు. మన దగ్గర అక్కణ్నుంచి రావాల్సిన ఇంటర్మీడియెట్ ముడిసరుకు 38 రోజులకే ఉంది. నువ్వు ప్రొడక్షన్ ప్లాన్ ముందేసుకుని ఏ బ్యాచ్ వెనక్కి జరపాలో లెక్కగట్టావు, సగం సరుకు విమానంలో తెప్పించావు, మిగతాది సముద్రం మీద వచ్చి సనత్‌నగర్ ఐసీడీ కంటైనర్ డిపోలో ఇరుక్కుంటే రెండు రోజులు అక్కడే ఉన్నావు. ప్లాంటు ఒక్క షిఫ్టు కూడా ఆగలేదు. సప్లై చైన్ అంటే ఇదేరా నాయనా! దీన్ని రాయకుండా ఎంఎస్ ఆఫీస్ రాశావు.

మొదటి పేజీ మీద ఇలా ఉంటే నేను పిలుస్తాను, ఇంగ్లీషులోకి నువ్వు మార్చుకో:

"ఏటా రూ.9 కోట్ల ప్యాకింగ్ కొనుగోలుపై ఫైనాన్స్ ధ్రువీకరించిన రూ.43 లక్షల పొదుపు. డ్రమ్ము సైజులు మూడు నుంచి రెండుకి తగ్గించి, క్యూఏ ఆమోదంతో 8.9 శాతం రేటు తగ్గింపు. 2020లో దిగుమతి ఆగినప్పుడు 38 రోజుల స్టాకుతో, బ్యాచ్‌లు సర్ది, విమాన రవాణాతో ఉత్పత్తి ఆగకుండా నిర్వహణ."

ఆ 43 లక్షలకి ఫైనాన్స్ సంతకం నిజంగా ఉందో లేదో ముందు చూసుకో. లేకపోతే "ధ్రువీకరించిన" అన్న మాట తీసెయ్. వెండర్ల పేర్లు, యూనిట్ రేట్లు ఉన్న ఆ ఎక్సెల్‌ని మాత్రం ఎవరికీ అటాచ్ చేయకు, నాకు పంపడమే తప్పు. నా మెయిల్లోంచి డిలీట్ చేశాను.

ఫోర్‌కాస్టింగ్ విషయంలో నీకు అనుభవం లేదు, దాన్ని మాటలతో కప్పలేం. మేనేజర్‌గా కాకపోయినా డిప్యూటీగా తీసుకునే అవకాశం ఉందని నా అంచనా. వాళ్లు అలా అడిగితే అక్కడికక్కడే కాదనకు, ఇంటికెళ్లి చెల్లెమ్మతో మాట్లాడి చెప్తానను. పోస్టింగ్ శుక్రవారంతో మూసేస్తారు. బుధవారం రాత్రికల్లా కొత్తది పంపితే, ఇంకోసారి చూసి ఫోన్ చేస్తాను.

- అన్న