మా బుజ్జి ఏమీ తినడం లేదు

"అన్నయ్యా, నమస్తే. గుణుపురంలో మీ వదినగారి పక్కింట్లో ఉంటాం, నంబరు ఆవిడే ఇచ్చారు. మా బుజ్జి ఏమీ తినడం లేదు. ఏం పెట్టినా మొహం తిప్పేస్తోంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏదైనా మందు పేరు చెప్తే మెడికల్ షాపులో తెచ్చుకుంటాం."

చెల్లెమ్మా, మెసేజ్ ఇప్పుడే చూశాను. మందు పేరు అడిగావు, కానీ ఇప్పుడే చెప్పలేను, కోపం తెచ్చుకోకు. బుజ్జి ఎవరో మీ ఇంట్లో అందరికీ తెలుసు, నాకు మాత్రం కుక్కో పిల్లో కుందేలో చిలకో మేకపిల్లో తెలీదు. ఎన్నాళ్ల వయసో, ఎప్పట్నుంచి తినడం లేదో కూడా నువ్వు రాయలేదు. కంగారులో ఎవరైనా అలాగే రాస్తారు.

నేను డాక్టర్ని కాను, ఒడిశాలో పర్లాకిమిడి చుట్టుపక్కల లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌గా 24 ఏళ్లు చేశాను. కొత్తలో ఒకాయన ఫోన్ చేసి "మా చిన్నోడు పొద్దున్నుంచీ ముట్టడం లేదండీ" అన్నాడు. నేను కుక్క అనుకున్నాను. హుషారుగా ఉంటే రేపటిదాకా చూడండి, ఒక పూట మానేస్తే ఏం కాదు అని చెప్పి పెట్టేశాను. మర్నాడు ఆయన వెదురుబుట్టలో తువ్వాలు పరిచి తీసుకొచ్చింది కుందేలుని. పొట్ట గట్టిపడిపోయి, చెవులు చల్లబడిపోయి ఉంది, డాక్టరుగారు చెయ్యి వేసేసరికే ఆలస్యం అయిపోయింది. ఆ బుట్ట నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. ఒక్క ప్రశ్న అడిగుంటే ఆ రోజే రమ్మనేవాణ్ణి. అందుకే నిన్ను ఇన్ని అడుగుతున్నాను, ఓపిగ్గా చెప్పు.

అయితే వీటిలో ఏదైనా ఉంటే మాత్రం నాకు జవాబు రాస్తూ కూర్చోకు, వెంటనే పశువుల ఆసుపత్రికి బయలుదేరు: ఊపిరికి ఎగపోయడం, నోరు తెరిచి రొప్పడం, మళ్లీ మళ్లీ వాంతులు, వాంతిలోగానీ విరోచనంలోగానీ రక్తం, పొట్ట డప్పులా ఉబ్బిపోవడం, ఫిట్స్, లేచి నిలబడలేకపోవడం, ఎలకల మందో పురుగుమందో నోట్లో పడిందన్న అనుమానం. ఇంకోటి, ఉచ్చకి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే, అందులోనూ మగపిల్లి అయితే, అది ఆ పూటకి ఆ పూట చూపించాల్సిన కేసు. చాలామంది దాన్ని మలబద్ధకం అనుకుని ఒక రోజు పోగొట్టుకుంటారు.

అవేవీ లేవా? అయితే మొదటి ప్రశ్న, బుజ్జి ఏ జంతువు? జంతువుని బట్టి గడువు మారిపోతుంది. పెద్ద కుక్క హుషారుగా తిరుగుతూ నీళ్లు తాగుతూ ఉంటే ఒక రోజు గమనించొచ్చు, కుక్కపిల్లయితే అంతసేపు ఆగకూడదు, తిండి లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి వణుకుతూ మూల పడిపోతుంది. పిల్లి ఒక రోజు దాటి ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కి చూపించాలి, లావుగా ఉన్న పిల్లి అయితే మరీను, ఎందుకంటే పస్తుంటే ఒంట్లో కొవ్వు వెళ్లి కాలేయంలో చేరి కాలేయమే దెబ్బతింటుంది. కుందేలుకి పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, పది పన్నెండు గంటలు తినకుండా పెంటికలు కూడా వెయ్యలేదంటే అత్యవసరమే. చిన్న పక్షి ఈకలు ఉబ్బించుకుని కూర్చుందంటే రేపటిదాకా ఆగొద్దు. (చిలక అయితే భయపడి దాచకు. మన దేశపు చిలకల్ని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పే, కానీ ముందు దాని ప్రాణం.) ఆవో మేకో అయితే నెమరు వేస్తోందా, ఎడమ డొక్క ఉబ్బిందా, అది చెప్పు.

ఇక వయసు, ఆడో మగో, ఆడదైతే ఆపరేషన్ అయిందా. ఇది ఊరికే అడగడం లేదు. ఆపరేషన్ కాని ఆడకుక్క ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకి తిండి మానేసి నీళ్లు తెగ తాగుతోందంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు, అది ఒక్కోసారి బయటికి కనపడనే కనపడదు.

ఆఖరిసారి కడుపు నిండా ఎప్పుడు తింది? "నిన్నట్నుంచి" అని రాయకు, నిన్న పొద్దున్నా రాత్రా అన్నది కావాలి. అసలేమీ ముట్టడం లేదా, లేక అన్నం వద్దని చేప పెడితే తింటోందా? గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి నోట్లో పెట్టుకుని వదిలేస్తోందా? ఈ తేడా చాలా ముఖ్యం. ఆకలుండి తినలేకపోతే పన్నో నాలుకో గొంతులో ఎముకో అయ్యుండొచ్చు, గిన్నె వైపే చూడకపోతే జ్వరమో లోపలి జబ్బో.

కానీ ఒక్క మాట. చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, గొంతు మారిపోయి, ఎప్పుడూ లేనిది కరవడానికి వస్తుంటే ఎముక ఉందేమోనని నోట్లో చెయ్యి పెట్టకు. పిచ్చికుక్క జబ్బు అయ్యే ప్రమాదం ఉంది. గదిలో ఉంచి తలుపు వేసెయ్, పిల్లల్ని దూరంగా ఉంచు. ఎవరినైనా కరిచినా, రక్కినా, గాయం మీద చొంగ పడినా ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలి. టీకాలు ఎప్పుడు వేయించారో కార్డు చూసి చెప్పు.

బుజ్జి నెమ్మదైనదే అయితే పెదవి కాస్త పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదులు. ముందు నీ గోరు మీద చేసి చూసుకో, నొక్కితే తెల్లబడి, వదిలితే వెంటనే గులాబీ రంగు వస్తుంది కదా, చిగురూ అలాగే రెండు సెకన్లలోపు రావాలి. నల్ల చిగుళ్లయితే కింది కనురెప్ప లోపల రంగు చూడు. తెల్లగా, పసుపుగా, నీలంగా ఉంటే వెంటనే వెళ్లాలి. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతుకు, వాటివల్ల వచ్చే జ్వరంలో కుక్కలు తిండి మానేసి పాలిపోతాయి. విరోచనం ఎలా ఉంది, ఉచ్చ పోస్తోందా, నీళ్లు తాగుతోందా, ఇంట్లో ఈ మధ్య ఏం మారింది? ఎవరైనా ఊరెళ్లారా, కొత్త మేత పెట్టారా, బాణాసంచా కాల్చారా, ఉల్లిపాయ వేసిన కూర పెట్టారా?

ఈలోగా పారాసిటమాల్ మాత్రం వెయ్యకు, పిల్లికి ఒక్క మాత్ర చాలు ప్రాణం తియ్యడానికి. నొప్పి బిళ్లలూ వద్దు. నోరు తెరిచి పాలో గంజో పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లగిన్నె దగ్గర పెట్టు, చాలు.

ఆసుపత్రికి వెళ్తే "ఖాఉనాహిఁ", అంటే తినడం లేదు, అని ఒక్కమాటతో ఆపకు, నాకు రాసేదే ఒడియాలో డాక్టరుగారికి చెప్పు, విరోచనం ఫోటో ఉంటే చూపించు. పెద్ద పరీక్షలు కావాలని వాళ్లంటే మనకి ఆంధ్ర వైపు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఎలా వెళ్లాలో నేను చెప్తాను.

అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. ముందు మూడే రాయి: ఏ జంతువు, ఎంత వయసు, ఆఖరిసారి ఎప్పుడు తింది. ఫోన్ చేతిలోనే ఉంది.