విషయం: 14వ తేదీ గురువారం ఉదయం 11 గంటల ఇంటర్వ్యూ వేరే సమయానికి మార్చమని విన్నపం – సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగం

నమస్తే మేడమ్,

గురువారం ఉదయం 11 గంటలకు మీ ఆఫీసులో ఇంటర్వ్యూకి వస్తానని మొన్న శుక్రవారం నేనే ఖాయం చేశాను. ఇప్పుడు ఆ సమయానికి రాలేని పరిస్థితి వచ్చింది. వీలైతే వేరే సమయం ఇప్పించమని అడగడానికే ఈ మెయిల్.

ప్రస్తుతం నేను పనిచేస్తున్న చోట స్టాక్ లెక్కింపు శుక్రవారం, 15న జరగాలి. అది చూసుకునే మీకు గురువారం వస్తానని చెప్పాను. నిన్న సాయంత్రం ఆరు దాటాక ఆడిటర్లు దాన్ని ఒక రోజు ముందుకు జరిపారు. ఉదయం తొమ్మిదిన్నరకి మొదలవుతుంది, ఎప్పటికి తెములుతుందో చెప్పలేం. లెక్క షీట్ల మీద ఆడిటర్లతో పాటు సంతకం పెట్టాల్సింది నేనే. నా బదులు ఇంకొకరిని కూర్చోబెట్టొచ్చా అని మా మేనేజర్‌ని అడిగి చూశాను. పుస్తకాల్లో ఉన్న స్టాకుకీ గోడౌన్‌లో ఉన్నదానికీ తేడా వస్తే అక్కడికక్కడే జవాబు చెప్పాలి కాబట్టి కుదరదన్నారు. ఆయన అన్నదీ న్యాయమే.

నాకు వీలున్న సమయాలు ఇవి:

శుక్రవారం 15 – రోజంతా, మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు
సోమవారం 18 – మధ్యాహ్నం 2 తర్వాత
మంగళవారం 19 – ఉదయం 10 నుంచి 1 వరకు

ప్యానెల్లో ముగ్గురు ఉంటారని మీరు రాశారు. ముగ్గురి సమయం మళ్లీ కలపడం చిన్న పని కాదని తెలుసు. గురువారమే కావాలంటే ఉదయం 8 గంటలకి వీడియో కాల్‌లో 45 నిమిషాలు మాట్లాడగలను. కాకపోతే 8:45కి నేను బయల్దేరక తప్పదు, అది ముందే చెప్పడం మంచిది.

మీరు పంపిన ఎక్సెల్ టెస్టుకి ఈ మార్పుతో సంబంధం లేదు. బుధవారం సాయంత్రం 5 లోపు పంపుతానన్న మాట అలాగే ఉంది. బ్యాంకు రీకన్సిలియేషన్ షీటు అయిపోయింది, జీఎస్టీ భాగం ఒక్కటే మిగిలింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంటర్వ్యూ రోజున వెంట తెస్తాను.

ఈ ఉదయం పదింటికి మీ డెస్క్ నంబరుకి ఫోన్ చేశాను, మీరు మీటింగులో ఉన్నారన్నారు. విషయం ఆలస్యం కాకూడదని మెయిల్ పెడుతున్నాను. మధ్యాహ్నం 3 తర్వాత ఇంకోసారి ఫోన్ చేస్తాను. ఈలోపు పైవాటిలో ఏది కుదిరినా ఒక్క లైను రాయండి చాలు, వెంటనే ఖాయం చేస్తాను.

ఒకసారి కుదిరిన ఏర్పాటుని మళ్లీ కదిలించాల్సి వస్తున్నందుకు మీరూ, ప్యానెల్ సభ్యులూ మన్నించాలి.

ఇట్లు,
సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగ అభ్యర్థి
దరఖాస్తు నంబరు 2047